వినియోగ సంస్కృతిలో సరుకు మాయ: శ్రీకాళహస్తి కలంకారీ ఆధారంగా ఒక వివరణ

ఎం.ఏ. సమాజశాస్త్రం, మూడవ సెమిస్టర్, తిరుపతి
పేపరు: వినియోగ సంస్కృతి సిద్ధాంతాలు
ప్రశ్న: కమోడిటీ ఫెటిషిజం అనే భావనను స్థానిక ఉదాహరణతో వివరించి, వినియోగ సంస్కృతి అధ్యయనంలో దాని స్థానాన్ని పరిశీలించండి.

ఖరీదైన ఫోన్ల మీద, పేరున్న కంపెనీల బట్టల మీద జనానికి ఉండే మోజునే కమోడిటీ ఫెటిషిజం, అంటే సరుకు మాయ, అనుకోవడం పరిపాటి అయింది. ఈ భావనను ప్రతిపాదించిన కార్ల్ మార్క్స్ ఉద్దేశం అది కాదు. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, మొదటి అధ్యాయం చివరి భాగంలో ఆయన దీన్ని వివరించారు. అక్కడ చర్చంతా సరుకులు తయారుచేసేవారి మధ్య ఉన్న సంబంధాల గురించే సాగుతుంది. కొనేవారి ఆశల గురించి, వ్యామోహాల గురించి ఆయన దాదాపు ఏమీ చెప్పలేదు. కొనుగోళ్లంటే ఏమాత్రం ఆసక్తి లేని మనిషి కూడా సరుకు మాయకు లోబడే ఉంటాడు. ఈ తేడాను పట్టుకోకపోతే మిగిలిన వివరణ అంతా పక్కదారి పడుతుంది.

శ్రీకాళహస్తిలో చేతితో వేసే కలంకారీ చీరను ఉదాహరణగా తీసుకుందాం. గుడ్డను కరక్కాయ రసం, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరవేస్తారు. చింతపుల్లల బొగ్గుతో రూపురేఖలు గీస్తారు. పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నల్లని ద్రావణంలో వెదురు కలాన్ని ముంచి గీతలు దిద్దుతారు. ఆపై పటిక పూయడం, ఉడకబెట్టడం, పారే నీటిలో పదే పదే ఉతకడం, ఒక్కొక్క రంగునూ విడివిడిగా అద్దడం ఉంటాయి. కట్టుకోవడానికి పనికివచ్చే వస్తువుగా ఆ చీరలో రహస్యమేమీ లేదు, దాని ఉపయోగపు విలువ అందరికీ తెలిసిందే. కొయ్యతో చేసిన బల్ల బల్లగా ఉన్నంతవరకు మామూలు వస్తువేననీ, సరుకుగా బజారుకు వచ్చినప్పుడే చిత్రమైనదిగా మారుతుందనీ మార్క్స్ చెప్పింది ఇందుకే.

అదే చీర తిరుపతిలోని ఒక దుకాణంలో ధర చీటీతో వేలాడుతున్నప్పుడు సంగతి వేరుగా ఉంటుంది. గుడ్డ నేసినవారు, కరక్కాయలు ఏరినవారు, బొమ్మ గీసినవారు, దుకాణంలో నిలబడి అమ్మేవారు, దర్శనం ముగించుకుని వచ్చి కొనేవారు ఒకరికొకరు తెలియరు. ఎవరి పని వారు విడిగా చేసుకుంటారు. ఆ పని సమాజానికి అవసరమైన పనిలో భాగమా, కాదా అన్నది సరుకు అమ్ముడుపోయినప్పుడే తేలుతుంది. వారి శ్రమల మధ్య నిజంగా ఉన్న సంబంధం వారికి మనుషుల సంబంధంగా కనిపించదు. ఇన్ని రూపాయలకు ఒక చీర, ఇన్ని రూపాయలకు ఒక బియ్యం బస్తా అన్నట్టు వస్తువుల మధ్య నిష్పత్తిగా కనిపిస్తుంది. చీరకు రంగు, బరువు, పొడవు ఉన్నట్టే ధర కూడా దాని స్వభావంలోనే ఉందని మనకు తోస్తుంది. మనుషుల మధ్య ఉన్న సామాజిక సంబంధం వస్తువుల గుణంగా కనిపించడాన్నే మార్క్స్ సరుకు మాయ అన్నారు.

అన్ని సమాజాల్లోనూ ఇలా ఉండదు. మధ్యయుగపు ఐరోపాలో రైతుకూలీ ప్రభువు పొలంలో చేసే వెట్టి ఎవరి కోసమో, ఎన్ని రోజులో అతనికి స్పష్టంగా తెలుసునని మార్క్స్ గుర్తుచేశారు. మన పల్లెల్లో కుమ్మరికి, చాకలికి, మంగలికి కళ్లం దగ్గర వారి పనికి ప్రతిఫలంగా ధాన్యం మేర కొలిచిన రోజుల్లో కూడా ఎవరి పని ఎవరికి చేరుతోందో దాపరికం లేదు. అంతమాత్రాన ఆ వ్యవస్థ మేలైనదని అర్థం కాదు. అక్కడ కులపు పెత్తనం కులపు పెత్తనంగానే, ఏ ముసుగూ లేకుండా కనిపించేది. నేటి బజారులో అసమానత ధర అనే రూపంలో వస్తుంది కాబట్టి దాని వెనుక మనిషిని చూపించడం కష్టం.

మరి, ఇది కేవలం భ్రమా? నిజం తెలియగానే తొలగిపోతుందా? భావనలో అన్నిటికన్నా కఠినమైన అంశం ఇదే. గాలిలో ఏయే వాయువులు ఉన్నాయో శాస్త్రం కనుగొన్నంత మాత్రాన మనం పీల్చే గాలి మారలేదని మార్క్స్ అంటారు. విలువకు మూలం శ్రమ అని తెలిసిన తర్వాత కూడా ధరలు మన అదుపులోకి రావు. ఇంగ్లండులో మరమగ్గాలు వచ్చాక చేనేత కార్మికుడు మునుపటిలాగే గంటసేపు నేసినా, ఆ గంట అరగంట సామాజిక శ్రమగా మాత్రమే లెక్కకు వచ్చిందని ఆయన ఉదాహరణ. ఒక వస్తువు విలువ సామాజికంగా అవసరమైన శ్రమకాలాన్ని, అంటే ఆ కాలపు సాధారణ పద్ధతుల్లో దాన్ని చేయడానికి పట్టే సమయాన్ని బట్టి ఉంటుంది, ఒక్కొక్కరు వెచ్చించిన సమయాన్ని బట్టి కాదు. కలంకారీ బొమ్మలను యంత్రంపై అచ్చువేసిన చీరలు పక్క దుకాణంలో చవకగా దొరికితే, చేతితో గీసే కళాకారుడిపై ఆ ఒత్తిడి పడక తప్పదు. రెండూ పూర్తిగా ఒకే సరుకు కావన్న అభ్యంతరం సరైనదే, అయితే తేడా గుర్తించని కొనుగోలుదారు ముందు ఆ అభ్యంతరం నిలవదు.

చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి విషయంలో ఇది ఇంకా సూటిగా అర్థమవుతుంది. ధర పడిపోయిందని రైతు అనే మాట, వాన పడలేదన్న మాటలాగే వినిపిస్తుంది. నిజానికి ఆ ధర వెనుక గుజ్జు పరిశ్రమల కొనుగోళ్లు, ఎగుమతులు, మిగిలిపోయిన నిల్వలు ఉన్నాయి. అవన్నీ మనుషులు చేసినవే. 2025లో పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్న నిర్ణయం వెలువడినప్పుడు, ధర ప్రకృతి సహజం కాదన్న విషయం కాసేపు బయటపడింది.

‘ఫెటిషిజం’ అన్న పదాన్ని 1760లో ఫ్రెంచి రచయిత షార్ల్ ద బ్రాస్ పశ్చిమ ఆఫ్రికా మతాచారాలను తక్కువచేసే ధోరణిలో ప్రచారంలోకి తెచ్చారు. మార్క్స్ దాన్ని తిరిగి ఐరోపా బజారుకే అంటగట్టారు, అందులోని వ్యంగ్యం గమనించదగినది. మతంలో మానవ మేధస్సు సృష్టించినవి స్వతంత్ర శక్తులుగా కనిపిస్తాయనీ, సరుకుల లోకంలో మానవ హస్తాలు చేసినవి అలా కనిపిస్తాయనీ ఆయన పోలిక. పుణ్యక్షేత్రంలో కూర్చుని రాస్తున్నందున ఒక మాట స్పష్టం చేయాలి: ఇక్కడ విషయం భక్తుల విశ్వాసం కాదు, అంగడిలోని మారకం.

తర్వాతి సిద్ధాంతకర్తలు ఈ భావనను వినియోగం వైపు విస్తరించారు. గ్యోర్గ్ లుకాచ్ 1923లో దీన్ని మొత్తం సామాజిక జీవితానికి వర్తింపజేశారు. థియొడర్ అడోర్నో 1938లో సంగీత శ్రవణానికి అన్వయించారు. వస్తువు హోదాకు సంకేతంగా అమ్ముడవుతుందన్న జాఁ బొద్రియార్ వాదన మార్క్స్‌పై విమర్శగా వచ్చినది. దాన్ని మార్క్స్ మాటగానే పరీక్ష పత్రాల్లో రాయడం పొరపాటు. బ్రాండు ఆకర్షణ సరుకు మాయపై కట్టిన రెండో అంతస్తు. శ్రమ కనుమరుగైన చోటే ప్రకటన తన కథను నింపగలుగుతుంది.

దీనికి ఎదురు వాదన ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన శ్రీకాళహస్తి కలంకారీ చీరలపై ఇప్పుడు కొందరు విక్రేతలు కళాకారుడి ఫొటో, పేరు అచ్చువేస్తున్నారు. ఇక్కడ శ్రమ కనిపిస్తోంది కదా, మాయ తొలగినట్టే కదా అనవచ్చు. కొంతవరకు అది నిజమే, నకిలీని గుర్తించడానికి ఆ చీటీ పనికివస్తుంది. కానీ చేతిపని అన్న మాట ధర పెంచే గుణంగా మారినప్పుడు, శ్రమ కూడా చీర రంగు పక్కన చేరే మరొక లక్షణం అవుతుంది. ఆ పెరిగిన ధరలో గీసినవారికి ఎంత చేరిందో, బేరం ఎవరి షరతులపై కుదిరిందో ఫొటో చెప్పదు.