ట్యాంకు రోడ్డు మలుపులో ప్రమాదకరమైన గుంత: కొలతలు, ఫొటోలతో ఫిర్యాదు

తేదీ: 18-08-2025

మున్సిపల్ కమిషనర్ గారికి,
మున్సిపల్ కార్యాలయం
(ఇంజినీరింగ్ విభాగం, నీటి సరఫరా విభాగం దృష్టికి)

విషయం: ట్యాంకు రోడ్డులో 37వ నంబరు కరెంటు స్తంభం ఎదురుగా ఉన్న గుంత దగ్గర వెంటనే బారికేడ్లు పెట్టించి, కింద ఉన్న నీటి లీకేజీ సరిచేసి, రోడ్డు బాగు చేయించవలసిందిగా విన్నపం.

కమిషనర్ గారికి నమస్కారం.

నేను ట్యాంకు రోడ్డు మూడో లైనులో ఉంటున్నాను. మా లైను మొదట్లో, హైస్కూలు వెనక గేటుకు కొద్దిగా ఇవతల, మెయిన్ రోడ్డు మీదే పెద్ద గుంత పడింది. పొడవు 1 మీటరు 40 సెంటీమీటర్లు, వెడల్పు 95 సెంటీమీటర్లు. బాగా లోతున్న చోట 17 సెంటీమీటర్లు. మొన్న గురువారం, అంటే 14వ తేదీ సాయంత్రం, స్కూలు నుంచి పాపను తీసుకెళ్తున్న ఒకావిడ స్కూటీ ముందు చక్రం ఇందులో దిగబడి ఇద్దరూ పడిపోయారు. ఆవిడకు మణికట్టు విరిగింది. పాపకు మోకాళ్లు చెక్కుకుపోయాయి. వెనకే వస్తున్న ఆటో అతను బ్రేకు వేయగలిగాడు కాబట్టి అంతటితో పోయింది.

నేను అడుగుతున్నవి రెండే. ఈ రాత్రి లోపల గుంత చుట్టూ బారికేడ్లు, చీకట్లో మెరిసే స్టిక్కర్లతో సహా పెట్టించండి. ఆ తర్వాత, రోడ్డు పూడ్చే ముందు, కింద పైపు లీకవుతోందేమో తవ్వి చూపించండి. ఈ రెండో మాట ఎందుకు అంటున్నానో ఫొటోలు చూస్తే తెలుస్తుంది.

ముందు చోటు గురించి. వాటర్ ట్యాంకు వైపు నుంచి వచ్చేవాళ్లకు రోడ్డు ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపు లోపలి వైపు ఎత్తైన ప్రహరీ గోడ ఉండటంతో అవతల ఏముందో కనపడదు. మలుపు తిరిగాక సుమారు 12 మీటర్లకే గుంత ఉంది, అదీ సరిగ్గా బండ్ల ఎడమ చక్రాలు వెళ్లే దారిలో. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 8 మీటర్లకు పైగా పోతుంది. అంటే గుంత కంటపడ్డాక నడిపేవాడికి మిగిలేది సెకనున్నర కూడా కాదు. ఆ టైములో ఎవరైనా చేసేది ఒకటే, హ్యాండిల్ కుడికి తిప్పడం. కుడివైపు ఎదురుగా స్కూలు వ్యాన్లు వస్తుంటాయి. గుంతలో పడటం కన్నా దాన్ని తప్పించబోయి ఎదురు బండికి తగలడమే ఎక్కువ ప్రమాదం అని నా భయం. అందుకే బారికేడు గుంత పక్కనే పెడితే సరిపోదు, మలుపుకు ముందు కూడా ఒక హెచ్చరిక బోర్డు ఉండాలి.

37వ నంబరు స్తంభం మీద లైటు వెలగడం లేదు. రాత్రిపూట పక్క స్తంభం వెలుగు గుంతలోని నీళ్ల మీద పడి, అది మామూలు తడి రోడ్డులాగే కనిపిస్తుంది. రోజూ తిరిగే మాకైతే గుర్తుంటుంది గానీ కొత్తవాళ్ల పరిస్థితి ఏమిటి?

ఈ లేఖతో ఆరు ఫొటోలు జతచేశాను. ప్రింట్ల వెనక నంబర్లు వేశాను.

ఒకటో ఫొటో మలుపు దగ్గర నిలబడి తీసింది. బండి మీద వచ్చేవాళ్లకు ఎలా కనిపిస్తుందో అలా ఉండాలని కంటి ఎత్తులో పట్టుకుని తీశాను. గోడ, గుంత, దాని వెనక స్కూలు గేటు మూడూ అందులో పడ్డాయి. రెండో ఫొటోలో స్తంభం మీది 37 నంబరు చదవగలిగేలా ఉంది, దాని పాదం నుంచి గుంత అంచు వరకు టేపు పరిచి ఉంది. దూరం 2 మీటర్ల 60 సెంటీమీటర్లు. మీ సిబ్బంది వచ్చినప్పుడు 'ఏ గుంత?' అని వెతుక్కునే పని లేకుండా ఇది తీశాను. ఈ రోడ్డులో చిన్నా చితకా గుంతలు ఇంకా ఉన్నాయి మరి.

మూడో ఫొటో పైనుంచి నిటారుగా తీసింది. పొడవునా ఒక టేపు, అడ్డంగా ఒక టేపు ఉన్నాయి, రెండు కొసల దగ్గరా అంకెలు కనిపిస్తాయి. ఫోనును పక్కకు వంచి దగ్గరగా తీస్తే చిన్న గుంత కూడా బావిలా కనపడుతుంది. అలాంటి ఫొటో పంపి పెద్దది చేసి చూపించాననే మాట రాకూడదని స్టూలు వేసుకుని మరీ తీశాను. నాలుగో ఫొటో లోతుది. గుంత మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నని చెక్కపట్టీ వేసి, దాని నుంచి కిందికి స్కేలు దించాను. పట్టీ అడుగు భాగం దగ్గర 17 అనే అంకె ఉంది చూడండి. ఇదే ఫొటోలో పక్కగోడ కూడా చూడండి. పైన తారు పొర రెండు వేళ్ల మందం కూడా లేదు. దాని కింద కంకర విడివిడిగా ఊడి వస్తోంది, ఆ కింద బురద. ఎడమ వైపు తారు కింద మట్టి కొట్టుకుపోయి లోపలికి ఖాళీ ఏర్పడింది. అంటే పైకి కనపడే గుంత కన్నా అసలు గుంత పెద్దది. ఏదో ఒక రోజు లారీ చక్రం పడితే ఆ అంచు కూడా కూలుతుంది.

ఇక ఐదు, ఆరు ఫొటోలు. నా ఫిర్యాదుకు ఇవే ప్రాణం. రెండూ నిన్న ఆదివారం ఉదయం, ఒకే చోట నిలబడి తీసినవి. అంతకు ముందు రెండు రోజులుగా వాన చుక్క లేదు, చుట్టూ రోడ్డు పొడిగా ఉంది. ఐదో ఫొటో ఉదయం 6.10కి తీసింది. గుంత అడుగున కొద్దిగా చెమ్మ తప్ప ఏమీ లేదు. మాకు కుళాయి నీళ్లు 6.30కి వదులుతారు. ఆరో ఫొటో 7.05కి తీసింది. గుంత అంచుల దాకా నిండి, స్తంభం వైపు కాలువలోకి పొర్లుతోంది. వాన నీళ్లయితే బురదగా ఉంటాయి. ఈ నీళ్లు తేటగా, అడుగున ఉన్న కంకర రాళ్లు లెక్కపెట్టేలా ఉన్నాయి. నీళ్లు ఆపేశాక మెల్లగా ఇంకిపోయి, మళ్లీ వదిలినప్పుడు నిండుతోంది. వాన గుంత ఇలా టైము ప్రకారం నిండదు.

మూడో ఫొటోలోనే ఇంకో సంగతి ఉంది. గుంత చుట్టూ నలుచదరంగా పాత ప్యాచ్ గీత కనిపిస్తుంది. అంటే ఇదే చోట ఒకసారి పూడ్చారు, అది మళ్లీ ఊడింది. అప్పుడు పనిచేసినవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లకు చూపించింది పై గుంతే. కింద నుంచి రోజూ నీళ్లు తోస్తుంటే మీద ఎంత మంచి తారు వేసినా నిలవదు. మట్టిని నీళ్లు తీసుకుపోతాయి, మీద బండ్ల బరువు పడుతుంది, తారు కుంగి పగులుతుంది. ఆ పగుళ్ల లోంచి వాన నీళ్లూ దిగుతాయి. ఈసారి కూడా ఒక ట్రాక్టరు మట్టి, ఇటుక ముక్కలు తెచ్చి పోసి వెళ్తే వారం తిరక్కుండా అదే బురద అవుతుంది. ఆ ఇటుక ముక్కలు రోడ్డంతా పరుచుకుని టూవీలర్లు జారడానికి ఇంకో కారణం అవుతాయి.

అందువల్ల నీటి సరఫరా సిబ్బంది, రోడ్డు పని సిబ్బంది ఒకేసారి వచ్చి చూస్తే మంచిది. ముందు వాల్వు కట్టి, తవ్వి, పైపో జాయింటో మార్చాలి. తర్వాత బురదంతా తీసేసి, గుంత అంచులను గట్టి తారు తగిలేదాకా నిటారుగా కోసి, లోపల ఆరాక కంకర పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టించాలి. దాని మీద తారు మిశ్రమం వేసి రోలింగ్ చేయించి, రోడ్డు మట్టానికి సమంగా తేవాలి. ఇవన్నీ మీ ఇంజినీర్లకు నేను చెప్పాలా అనుకోవద్దు. పని చేయించేటప్పుడు ఒక అధికారి దగ్గరుంటే చాలు, మిగతాది వాళ్లకే తెలుసు.

లీకేజీ సంగతి రోడ్డుతోనే పోయేది కూడా కాదు. సరఫరా లేని టైములో పైపులో ఒత్తిడి తగ్గినప్పుడు, పగులు చుట్టూ ఉన్న మురికి నీళ్లు అదే పగులు గుండా పైపులోకి వెళ్లే అవకాశం ఉంది. ఆ గుంతలోకి పక్క కాలువ నీళ్లు కూడా చేరుతున్నాయి. మా లైనులో అందరూ ఆ కుళాయి నీళ్లే పట్టుకుంటున్నారు. దయచేసి రోడ్డు పని కాస్త ఆలస్యమైనా నీళ్ల పరీక్ష మాత్రం ఈ వారంలోనే చేయించండి.

గురువారం ప్రమాదం ఫొటో నా దగ్గర లేదు. కిందపడిన మనిషిని లేపకుండా ఫోను తీయడం నాకు చేతకాలేదు. పాప ఎడమ కాలి బూటు గుంతలో ఉండిపోతే నీళ్లలో చెయ్యి పెట్టి వెతికి తీశాం. చెయ్యి మణికట్టు దాటి మునిగింది. బురదలో కూరుకున్న బూటు దొరకడానికే కాసేపు పట్టింది. ఆవిడ పేరు, వివరాలు వారి అనుమతి లేకుండా ఇక్కడ రాయడం లేదు. మీకు అవసరమైతే వారిని అడిగి చెబుతాను.

ఈ గుంత గురించి ఇంతకు ముందు ఫోనులో చెప్పాం. 'రాసుకున్నాం' అన్నారు గానీ ఫిర్యాదు నంబరు ఇవ్వలేదు. ఎవరి మీదా నేరం మోపాలని కాదు, నంబరు లేకపోతే మళ్లీ ఫోను చేసినప్పుడు కథంతా మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. అందుకే ఈసారి రాతపూర్వకంగా ఇస్తున్నాను. దయచేసి దీనికి నంబరు వేసి, నా దగ్గరున్న నకలు మీద తేదీతో ముద్ర వేసి ఇప్పించండి. పని ఏ అధికారికి అప్పగించారో, ఎప్పటిలోగా అవుతుందో తెలియజేస్తే మా లైను వాళ్లకు చెబుతాను. ఒకవేళ ఈ రోడ్డు మీ పరిధిలోకి రాదు, ఇంకో శాఖది అని తేలితే ఈ లేఖను మీరే ఆ శాఖకు పంపి నాకు ఒక నకలు ఇవ్వండి. అప్పటిదాకా బారికేడ్లు మాత్రం ఆపకండి. గుంతలో పడేవాళ్లకు అది ఏ శాఖదో తెలియదు.

ఫొటోలను పెన్‌డ్రైవ్‌లో కూడా ఇస్తున్నాను. మెసేజ్ యాప్‌లలో పంపితే సైజు తగ్గిపోయి, తీసిన చోటు, టైము వివరాలు చెరిగిపోతుంటాయి. వీటిలో ఆ వివరాలు అలాగే ఉన్నాయి, ఏ మార్పూ చేయలేదు. ఉదయం 6 గంటలకు మీ సిబ్బంది ఎవరైనా వస్తే నేను అక్కడే ఉండి, నీళ్లు వదలక ముందు, వదిలాక గుంత ఎలా ఉంటుందో చూపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ట్యాంకు రోడ్డు, మూడో లైను నివాసి
(పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు జతచేసిన ఫిర్యాదు ఫారంలో ఉన్నాయి)

జతపరచినవి: ఫిర్యాదు ఫారం, ఆరు ఫొటో ప్రింట్లు, పెన్‌డ్రైవ్, గుంత ఉన్న చోటు చేతితో గీసిన పటం, మూడో లైను వాళ్ల సంతకాల కాగితం.