కాలేజీ బస్ ట్రాకింగ్ యాప్: రిస్క్ రిజిస్టర్, మూడో వెర్షన్

బీటెక్ సీఎస్‌ఈ, 4-2 మేజర్ ప్రాజెక్ట్, కాకినాడ
టీమ్: సాయి (లీడ్), రమ్య, ఫరూక్, హారిక
తేదీ: 2 ఫిబ్రవరి 2026. ఫైనల్ వైవా: 10 ఏప్రిల్ 2026

పెద్దాపురం, సామర్లకోట, పిఠాపురం, రామచంద్రపురం వైపుల నుంచి వచ్చే 14 కాలేజీ బస్సులు ఎక్కడున్నాయో స్టూడెంట్లకు ఫోన్‌లో చూపించడం మా ప్రాజెక్ట్. డ్రైవర్ ఫోన్ లొకేషన్ పంపుతుంది, స్టూడెంట్ యాప్ దాన్ని మ్యాప్ మీద చూపిస్తుంది. ఇంకా జరగనివి, జరిగితే దెబ్బ తగిలేవి మాత్రమే ఈ రిజిస్టర్‌లో ఉంటాయి. ఇప్పటికే జరిగిపోయినవి ఇష్యూ షీట్‌లోకి వెళ్తాయి. మొదటి వెర్షన్‌లో రెండూ కలిసిపోయాయని గైడ్ మేడమ్ అన్నాక విడదీశాం.

స్కోరు ఎలా వేశాం

జరిగే అవకాశానికి 1 నుంచి 5, ప్రభావానికి 1 నుంచి 5. రెండూ గుణిస్తే స్కోరు.

| అంకె | అవకాశం (వైవా లోపు) | ప్రభావం |
|---|---|---|
| 1 | 10 శాతం లోపు | ఒక్క రోజులో సర్దుకుంటాం |
| 2 | 10–30 శాతం | వారం వెనకబడతాం, డెమోకి ఇబ్బంది లేదు |
| 3 | 30–50 శాతం | చిన్న ఫీచర్ ఒకటి వదులుకోవాలి |
| 4 | 50–80 శాతం | మెయిన్ ఫీచర్ సరిగా పనిచేయదు |
| 5 | 80 శాతం పైన | డెమో ఉండదు, లేదా ఎవరి ప్రైవసీకో భద్రతకో ముప్పు |

15 నుంచి ఎరుపు, 6 నుంచి 12 వరకు పసుపు, ఆ కింద ఆకుపచ్చ. ఒక మినహాయింపు పెట్టుకున్నాం: ప్రభావం 5 ఉంటే స్కోరు ఎంత తక్కువైనా పసుపుకి దిగువన ఉండకూడదు. 1×5, 5×1 రెండూ ఐదే అయినా, రోజూ ఎదురయ్యే చిన్న చికాకూ, ఒక్కసారి జరిగితే ప్రాజెక్టే పోయేదీ ఒకటి కావు. షీట్‌లో D అవకాశం, E ప్రభావం, F స్కోరు. రంగు గడిలో ఉన్న ఫార్ములా:

```
=IF(F2>=15,"ఎరుపు",IF(OR(F2>=6,E2=5),"పసుపు","ఆకుపచ్చ"))
```

అంకెలు నలుగురం విడివిడిగా చీటీల మీద రాసి ఒకేసారి తెరుస్తాం. ఒకటికి మించి తేడా వస్తే ఎక్కువ వేసినవాళ్లూ తక్కువ వేసినవాళ్లూ కారణం చెప్పాలి. సగటు తీయం. వాదన తేలకపోతే పెద్ద అంకే ఉంచుతాం.

రిజిస్టర్

| నం. | రిస్క్ | అవ. | ప్రభా. | స్కోరు | గత స్కోరు | బాధ్యత |
|---|---|---|---|---|---|---|
| 1 | డ్రైవర్లు యాప్ ఆన్ చేయకపోవడం | 4 | 5 | 20 | 10 | రమ్య |
| 2 | ఫోన్ బ్యాటరీ సేవర్ లొకేషన్ ఆపేయడం | 4 | 4 | 16 | 16 | హారిక |
| 3 | ప్లేస్‌మెంట్, ఇంటర్న్‌షిప్ వల్ల మనుషులు తగ్గడం | 4 | 4 | 16 | 12 | సాయి |
| 4 | వాలంటీర్ల లొకేషన్ బయటపడడం | 2 | 5 | 10 | కొత్తది | రమ్య |
| 5 | ఫైర్‌స్టోర్ ఉచిత పరిమితి దాటడం | 2 | 4 | 8 | 20 | ఫరూక్ |
| 6 | సీక్రెట్ కీ గిట్‌హబ్‌లోకి వెళ్లిపోవడం | 2 | 4 | 8 | 12 | హారిక |
| 7 | ప్లే స్టోర్‌లో టైముకి రాకపోవడం | 4 | 2 | 8 | 8 | సాయి |
| 8 | కోడ్ పోవడం | 1 | 5 | 5 (పసుపు) | 5 | సాయి |

రిస్క్ 1. గత నెల దీనికి ఫరూక్ అవకాశం 2 వేశాడు, రమ్య 5 వేసింది. ఆమె వచ్చే బస్సు డ్రైవర్ బాబాయి దగ్గర కీప్యాడ్ ఫోనే ఉందట. అయినా అప్పుడు ముగ్గురం ఒకవైపు ఉండి 2 తోనే సరిపెట్టాం. పెద్ద అంకె ఉంచాలన్న రూలు ఆ తర్వాతే వచ్చింది. ఈసారి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్ అనుమతితో 14 మందినీ అడిగాం. ఐదుగురివి కీప్యాడ్ ఫోన్లు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లలో ముగ్గురు "మా మీద నిఘా పెడుతున్నారా బాబూ?" అని మొహం మీదే అడిగారు. అందుకే అవకాశం 4 అయింది.

చేసేది: యాప్ డ్రైవర్ వేగాన్ని చూపదు, నిల్వ చేయదు. ఆ సంగతి ఇన్‌ఛార్జ్ సమక్షంలో డ్రైవర్లకు చెప్పి, స్క్రీన్ కూడా చూపిస్తాం. కీప్యాడ్ ఫోన్లున్న ఐదు బస్సుల్లో మొదటి స్టాపులో ఎక్కే స్టూడెంట్ వాలంటీర్ తన ఫోన్ నుంచి లొకేషన్ పంపుతారు.
హెచ్చరిక గుర్తు: ఉదయం 7:30కి పదికన్నా తక్కువ బస్సులు కనిపించడం, అదీ వరసగా మూడు రోజులు. అలా జరిగితే మిగతా బస్సులకూ వాలంటీర్లను పెట్టేస్తాం, డ్రైవర్లను ఇంకా బతిమాలుతూ కూర్చోం.

రిస్క్ 2. ఆండ్రాయిడ్ 8 నుంచి బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్‌కి గంటలో కొన్నిసార్లే లొకేషన్ అందుతుంది. దీనికి మందు ఫోర్‌గ్రౌండ్ సర్వీస్, అంటే ట్రిప్ నడిచినంతసేపూ నోటిఫికేషన్ కనిపిస్తుంది. అది పెట్టాం. కానీ కొన్ని కంపెనీల ఫోన్లలో బ్యాటరీ సేవర్ దాన్ని కూడా మూసేస్తుంది. ప్రతి డ్రైవర్ ఫోన్‌లో బ్యాటరీ సెట్టింగ్‌ని `Unrestricted` చేయాలి. స్క్రీన్ ఆఫ్ చేసి 40 నిమిషాల టెస్ట్ అన్ని ఫోన్లలో పాసయ్యే దాకా స్కోరు దించం.

రిస్క్ 3. మార్చిలో ఉగాది సెలవు, మిడ్ పరీక్షలు, డ్రైవ్‌లు అన్నీ ఒకేసారి వస్తాయి. సాయి, హారిక ఇద్దరికీ హైదరాబాద్ ఇంటర్న్‌షిప్ వచ్చే సూచనలున్నాయి. ప్రతి మాడ్యూల్‌కి రెండో మనిషి ఉండాలి, అతను దాన్ని ఒకసారైనా తన లాప్‌టాప్‌లో రన్ చేసి ఉండాలి. ఇద్దరూ వెళ్లాల్సి వస్తే "బస్ లేట్" నోటిఫికేషన్ ఫీచర్ వదిలేస్తాం. దీనికి మేడమ్ ముందే ఒప్పుకున్నారు.

రిస్క్ 4. ఇది రిస్క్ 1 పరిష్కారం తెచ్చిపెట్టిన తలనొప్పి. బస్సు లొకేషన్ అంటే బస్సుదే, వాలంటీర్ లొకేషన్ అంటే ఒక స్టూడెంట్ ఇంటి దాకా దారి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లలే, ఫస్టియర్‌లో అలాంటివాళ్లు ఉంటారు. కాబట్టి వాలంటీర్లు థర్డ్ ఇయర్ వాళ్లే, రాతపూర్వక సమ్మతితోనే. ట్రిప్ ఉదయం కాలేజీ గేటు దగ్గర, సాయంత్రం వాళ్ల స్టాపుకి ఒక స్టాపు ముందే దానంతటదే ఆగిపోవాలి. పాత లొకేషన్లు 24 గంటల్లో చెరిపేస్తాం.

రిస్క్ 5. స్పార్క్ ప్లాన్‌లో రోజుకి 50,000 రీడ్‌లు, 20,000 రైట్‌లు ఉచితం. పది సెకన్లకోసారి లొకేషన్ పంపితే, రోజుకి మూడు గంటలు, 14 బస్సులకు 15,120 రైట్‌లు. అది సరిపోతుంది. మునిగేది రీడ్‌లలో: 300 మంది రోజుకి రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు తమ బస్సు చూస్తే 72,000. ఇరవై సెకన్లకు మార్చాం, 36,000కి దిగింది. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో ఇరవై సెకన్లకు బస్సు 170 మీటర్ల లోపే కదులుతుంది, స్టాపులో నిలబడ్డవాళ్లకు అది తేడాయే కాదు. రియల్‌టైమ్ డేటాబేస్‌కి మారదామన్న ఆలోచన వద్దనుకున్నాం. ఉచిత ప్లాన్‌లో ఒకేసారి 100 కనెక్షన్లే.
హెచ్చరిక గుర్తు: కన్సోల్‌లో రీడ్‌లు ఏ రోజైనా 40,000 దాటడం.

రిస్క్ 6. `google-services.json` రహస్యమేమీ కాదు, అక్కడ కాపాడేవి సెక్యూరిటీ రూల్స్. ప్రమాదం సర్వీస్ అకౌంట్ కీతో. అది `.gitignore`లో ఉంది. పొరపాటున పుష్ అయితే ఫైలు డిలీట్ చేసి ఊరుకోవద్దు, పాత కమిట్‌లో అది ఉండిపోతుంది. వెంటనే కీ రద్దు చేసి కొత్తది తీయాలి.

రిస్క్ 7. కొత్త పర్సనల్ డెవలపర్ అకౌంట్‌కి కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ అయ్యాకే పబ్లిక్ రిలీజ్‌కి దరఖాస్తు చేయనిస్తారు. ఆ తర్వాత రివ్యూ. మార్చి 9 లోపు మొదలుపెట్టలేకపోతే ప్లే స్టోర్ సంగతి వదిలేసి వైవాలో ఏపీకే చూపిస్తాం.

రిస్క్ 8. రోజూ రాత్రి పుష్. అంతే.

మూసేసినది: గూగుల్ మ్యాప్స్ కీకి బిల్లింగ్ అకౌంట్ కావాలి, మా నలుగురిలో ఎవరికీ క్రెడిట్ కార్డు లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి మారి జనవరిలో మూసేశాం. మ్యాప్ మూలన వాళ్ల క్రెడిట్ లైన్ తీసేయకూడదు.

తర్వాతి రివ్యూ 16 ఫిబ్రవరి, సోమవారం, ల్యాబ్ అవర్. ఎరుపులో ఉన్న మూడింటికి బాధ్యులు టెస్ట్ ఫలితాలతో రావాలి. "పర్లేదు, బాగానే ఉంది" అంటే స్కోరు మారదు.