అన్నం ఇష్టపడే మీకు భోజన సూచనలు

నమస్కారం. మొన్న మీరు లేచి వెళ్తూ “ఇక అన్నం మానేయాల్సిందేనా?” అని అడిగారు. మానక్కరలేదు. మీకు మధుమేహం ఉంది, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 7.6 శాతం ఉంది కాబట్టి అన్నం కొలత మాత్రం తప్పనిసరిగా తగ్గాలి.

మీ ఇంటి భోజన పద్ధతిని విన్నాక నాకు అసలు చిక్కు ఎక్కడుందో తెలిసింది. పప్పుకొకసారి, కూరకొకసారి, చారుకొకసారి, చివర పెరుగుకొకసారి అన్నం వడ్డించుకోవడం వల్ల ఎంత తిన్నామన్నది మనకే తెలియకుండా పోతుంది. అందుచేత పూటకు వండిన అన్నం 150 గ్రాములు ముందే ఒక గిన్నెలోకి తీసి, తక్కినది వంటింట్లోనే ఉంచేయండి. ఆ గిన్నెలో సుమారు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దానిని పప్పుకూ కూరకూ పంచుకుని, చారును గ్లాసులో పోసుకుని తాగండి, పెరుగును గిన్నెలో విడిగానో మజ్జిగగానో తీసుకోండి. పెరుగన్నం లేనిదే భోజనం ముగిసినట్టు ఉండదన్నారు కనుక, నాలుగు ముద్దలు ఆ గిన్నెలోంచే మిగుల్చుకోవచ్చు.

కంచంలో సగం బెండ, దొండ, బీర, కాకర, ఆకుకూరలు ఉండాలి. పావు భాగం గట్టి పప్పు, చేప లేదా గుడ్డు. మిగిలిన పావులోనే అన్నం. కూర, పప్పు ముందు కొంత తిని, తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. బంగాళదుంప వేపుడు కూడా పిండిపదార్థమే కాబట్టి, అది చేసిన రోజు అన్నం సగానికి తగ్గించండి. తెలంగాణ సోన బియ్యం దొరికితే వాడవచ్చు గానీ, బియ్యం మారినంత మాత్రాన కొలత మారదు. కొర్రలకూ ఇదే వర్తిస్తుంది.

ఉదయం ఉప్మా లేని రెండు పెసరట్లు అల్లం పచ్చడితో, లేదా రెండు ఇడ్లీలు ముక్కలు దండిగా వేసిన సాంబారుతో తినండి. అల్లం పచ్చడిలో బెల్లం వేయవద్దు. రాత్రికి రెండు పాళ్ల పెసరపప్పుకు ఒక పాలు బియ్యం వేసి, సొరకాయ ముక్కలతో కట్టుపొంగలి చేసుకోవచ్చు. నేను ఎక్కువమందికి చెప్పే వంటకం ఇదే. పండుగనాడు పులిహోర తినాలనిపిస్తే ముందు ఒక గుప్పెడు శనగ గుగ్గిళ్లు తిని, అదే గిన్నె కొలతతో తినండి.

మీకు మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా రాశారు, తినకపోతే దాని వల్ల చక్కెర మరీ పడిపోవచ్చు కనుక ఏ పూటా భోజనం మానవద్దు. అన్నం తగ్గిస్తున్న సంగతి ముందుగానే డాక్టరు గారికి చెప్పండి, మందు మోతాదు మార్చవలసి రావచ్చు. వణుకు, చెమటలు వచ్చి చక్కెర 70 కంటే తగ్గితే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోండి.

కొత్త వంటకం తిన్నప్పుడు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు చక్కెర చూసి, ఒక పుస్తకంలో తిన్నదాని పక్కనే రాయండి; 180 లోపు ఉంటే ఆ వంటకం మీకు సరిపోయినట్టే. వచ్చే నెల ఆ పుస్తకం తీసుకురండి, దానిని బట్టి కొలతలు మారుద్దాం.