దీపావళి శుభాకాంక్షలు: పద్మ లేడీస్ పార్లర్, పర్లాకిమిడి

అమ్మలకి, అక్కలకి, వదినలకి, చెల్లెళ్ళకి నమస్కారం.

మీకూ మీ ఇంటిల్లిపాదికీ దీపావళి శుభాకాంక్షలు. మీ ఇంట్లో లక్ష్మి నిలవాలి, పిల్లలు చల్లగా ఉండాలి. వంతెన అవతల పాతపట్నం నుంచి వచ్చే మీకు, ఇక్కడ ఊళ్ళో ఉండే మీకు, మన ఒడియా అక్కలకి అందరికీ ఒకే మెసేజి పెడుతున్నాం. కాస్త పొడుగ్గా ఉంటుంది, అందుకని ఆఫర్ ముందే చెప్పేస్తాం.

నవంబరు 2 సోమవారం నుంచి 5 గురువారం వరకూ, బిల్లు 600 రూపాయలు దాటితే ఐబ్రోస్ ఉచితం. ఆ రోజే చేయించుకోనక్కర్లేదు. చీటీ రాసిస్తాం, నవంబరు 30 దాకా ఎప్పుడైనా వాడుకోవచ్చు, మీ బదులు మీ అమ్మాయినైనా పంపొచ్చు. తల్లీకూతుళ్ళో, అత్తాకోడళ్ళో, తోటికోడళ్ళో ఎవరైనా ఇద్దరు ఒకే పూట ఫేషియల్‌కి వస్తే రెండోవారికి 10 శాతం తగ్గిస్తాం. పెళ్ళికూతురు ప్యాకేజీలకి ఇవి వర్తించవు. శుక్ర, శని, ఆదివారాల్లో ఆఫర్ లేదు. అలాగని పండగ పేరు చెప్పి ఆ మూడు రోజులూ రేటు పెంచడమూ లేదు, గోడమీద ఉన్న రేట్లే.

ఆఫర్ గురువారంతో ఎందుకు ఆపేశామంటే, ఈసారి నరక చతుర్దశి తలంటు, దీపావళి రెండూ 8వ తేదీ ఆదివారమే పడ్డాయి. తెల్లవారుజామున నువ్వుల నూనె, సున్నిపిండి, కుంకుడుకాయ రసం అన్నీ ఒంటిమీద పడతాయి. శనివారం వేసిన కలరు, శనివారం తీసిన వాక్సింగు వాటికి తట్టుకోవు. ఏ పని ఏ రోజు చేయించుకోవాలో చూసుకుని వస్తే మీ డబ్బు వృథా పోదు.

కలరుతో మొదలుపెడదాం, ఎక్కువ తేడాలొచ్చేది అందులోనే. తెల్లజుట్టుకి రంగు వేయించుకోవాలంటే సోమవారం ఒక్క ఐదు నిమిషాలు వచ్చి వెళ్ళండి. చెవి వెనకో మోచేతి మడతలోనో చిన్న చుక్క రాసి పంపుతాం, దానికి డబ్బు తీసుకోం. 48 గంటల్లో దురద, మంట, వాపు ఏమీ లేకపోతే బుధవారం కలరు వేస్తాం. ఇన్నేళ్ళూ ఇదే కంపెనీది వాడుతున్నాం, మాకేం కాదు అంటారు చాలామంది. నల్లరంగుల్లో ఉండే పీపీడీ అనే పదార్థం ఎన్నిసార్లు పడినా ఊరుకుని, ఒకసారి ఉన్నట్టుండి పడకుండా పోవచ్చు. కళ్ళు మూసుకుపోయేంతగా ముఖం వాస్తే పండగంతా ఆసుపత్రిలోనే. అందుకే చుక్క పరీక్ష లేకుండా కొత్తగా ఎవరికీ రంగు వేయం, బతిమాలినా వేయం.

ఇంట్లో హెన్నా పెట్టుకుంటుంటే ఆ ప్యాకెట్టు కూడా పట్టుకురండి. ఒట్టి గోరింటాకు పొడి అయితే ఇబ్బంది లేదు. నల్లగా, బ్రౌనుగా వస్తుందని అమ్మే కలిపిన పొడుల్లో కొన్నింట్లో లోహ లవణాలుంటాయి. వాటిమీద మా కలర్లోని పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి, పీచులా తెగిపోతుంది, లేదంటే ఆకుపచ్చ ఛాయ తిరుగుతుంది. అనుమానంగా ఉంటే ముందు నాలుగు వెంట్రుకలు కత్తిరించి వాటిమీద వేసి చూస్తాం.

బుధవారం వేస్తే ఆదివారానికి మూడు రోజుల పైనే వ్యవధి దొరుకుతుంది, రంగు కుదురుకుంటుంది. ఈలోపు తల తడపకండి. ఆదివారం తలంటులో నూనె మాడుకి మర్దనా చేసుకోండి, కొసలదాకా జిడ్డు కారేలా పోయొద్దు. అంత నూనె వదలాలంటే రెండు మూడుసార్లు రుద్దాలి, రుద్దిన ప్రతిసారీ రంగు కొంత దిగుతుంది. కలరు వేయించుకున్న తలకి ఈ ఒక్కసారికి కుంకుడుకాయ వదిలేసి, తేలిక షాంపూతో సరిపెట్టుకోండి. అత్తగారు ఒప్పుకోకపోతే శాస్త్రానికి నాలుగు చుక్కలు నెత్తిన పెట్టించుకుంటే చాలు.

స్మూతెనింగ్, కెరాటిన్ ఈ వారం చేయం. అవి చేశాక మూడు రోజులు నీళ్ళు తగలకూడదు, జడ కూడా వేయకూడదు, పండగపూట అది అయ్యే పని కాదు. పండగ వెళ్ళాక నింపాదిగా రండి.

వాక్సింగ్ గురువారంలోపు. మరీ కుదరకపోతే శుక్రవారం పొద్దున్న. తీసిన చోట చర్మం ఒక రోజు పచ్చిగా ఉంటుంది, దానిమీద నలుగు పెట్టి రుద్దితే ఎర్రటి పొక్కులు లేస్తాయి. సున్నిపిండి మంచిదే, దాని తప్పేం లేదు, సమయం తప్పంతే. వెంట్రుక బియ్యపుగింజంతైనా పెరిగి ఉండాలి. మొన్ననే రేజరుతో గీసుకుని వస్తే వాక్సు పట్టదు, సగం ఊడి సగం తెగి వారానికే గరుకు తేలుతుంది. మొటిమలకి డాక్టరు రాసిచ్చిన అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి క్రీములు రాసుకునేవాళ్ళు దయచేసి దాచకుండా చెప్పండి. పై చర్మం పల్చబడి ఉంటుంది, పెదవిపైన వాక్సు లాగితే తోలు కూడా లేచొస్తుంది. మీకు దారంతోనే చేస్తాం. తెల్లబడటానికని మందుల షాపులో అడిగి కొనుక్కునే స్టెరాయిడ్ క్రీములకీ ఇదే మాట.

ఫేషియల్‌కి బుధ, గురువారాలు మంచివి. ముఖం మెరుపు మర్నాడే బాగా కనిపిస్తుంది, ఎరుపు ఉంటే ఈలోపు తగ్గుతుంది. బ్లీచు పెట్టించుకోవాలంటే గురువారం దాటనీయకండి. ఐబ్రోస్ చేసిన చోట ఆ రోజు బ్లీచు పెట్టం, దారం లాగిన రంధ్రాల్లోకి దిగి చురచుర మండుతుంది. చీటీ పద్ధతి పెట్టిందీ అందుకే: గురువారం బ్లీచు అయినవాళ్ళు శనివారం చీటీ తెచ్చి ఐబ్రోస్ చేయించుకోవచ్చు.

ఇక కటింగ్ మాట. మంగళవారం, శుక్రవారం మన తెలుగిళ్ళలో జుట్టు కత్తిరించనివ్వరు. గురువారం ఒడియా ఇళ్ళలో లక్ష్మీవారం, వాళ్ళు రారు. పైగా వాళ్ళకి కుమార పున్నమి మర్నాటినుంచే కార్తికం నడుస్తోంది, మనకి అమావాస్య వెళ్ళాక మొదలు. ఇవన్నీ తీసేస్తే అందరూ వచ్చి పడేది సోమ, బుధ, శనివారాల్లో. పట్టింపు లేని తెలుగువాళ్ళు గురువారం రండి, కుర్చీ ఖాళీగా ఉంటుంది, మేమూ తీరిగ్గా చేస్తాం. ఆదివారం కత్తెర ముట్టుకోం.

గోరింటాకు శుక్రవారం సాయంత్రం 4 నుంచి 8 దాకా, శనివారం మధ్యాహ్నం 3 వరకూ పెడతాం. పెద్దవాళ్ళకి శుక్రవారమే మంచిది. ఆకు తీయగానే నారింజరంగులో ఉంటుంది, ఒకటి రెండు రోజులు గడిస్తేగానీ ముదురు ఎరుపు తేలదు. శనివారం రాత్రి పెట్టుకుని ఆదివారం తెల్లారేసరికి నీళ్ళలో చేతులు పెడితే ఆ నారింజ దగ్గరే ఆగిపోతుంది. పెట్టించుకున్నాక ఆరేడు గంటలు ఉంచుకోండి, ఎండి రాలిపోకుండా నిమ్మరసం పంచదార దూదితో అద్దండి. తీసేటప్పుడు నీళ్ళతో కడక్కుండా చెంచా వెనకవైపుతో గీకి, నువ్వుల నూనె రాసుకుని పడుకోండి. మర్నాటిదాకా సబ్బు వద్దు. గిన్నెలు తోమే పని ఆ రాత్రికి ఇంకొకరికి అప్పజెప్పండి, పండగ వంకతోనైనా.

మా కోన్లు గోరింటాకు పొడి, పంచదార, నీలగిరి నూనెతో ఇక్కడే కలిపి చుట్టినవి, ఫ్రిజ్‌లో పెడతాం. రెండు చేతులకీ మణికట్టు వరకూ 150, పిల్లలకి 50. బజారులో పది నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే కోను మాత్రం పిల్లల చేతికి పెట్టకండి. గోరింటాకుకి అంత తొందరగా, అంత నల్లగా పండే గుణం లేదు. అందులో తలరంగు మందు కలిపి ఉంటే బొబ్బలెక్కుతాయి. ఒకసారి అలా పడకపోతే పెద్దయ్యాక తలకి రంగు వేసుకోవడానికీ వీలుండదు.

ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5.30 వరకూ చీర కట్టడం, జడ అల్లడం మాత్రమే. చీరకి 150, జడకి 200. బరంపురం పట్టయినా ఇంకే పట్టయినా ఫాల్ కుట్టించి, ఇస్త్రీ చేసి తెండి. కొత్త చీర మడతల్లో కుచ్చిళ్ళు నిలవవు, ఇక్కడ ఇస్త్రీ చేసే వ్యవధి ఉండదు. లంగా, జాకెట్టు వేసుకునే రండి, చెప్పులు కూడా కట్టబోయే చీరకి వేసుకునేవే తొడుక్కోండి, లేకపోతే అంచు పొడుగు తప్పుతుంది.

ఆ రోజు ఎవరి తలకీ హెయిర్ స్ప్రే కొట్టం, పిన్నులతో బిగిస్తాం. ఆరని స్ప్రేకి నిప్పురవ్వ చాలు. గోళ్ళరంగు కూడా తడిగా ఉన్నప్పుడు భగ్గున అంటుకుంటుంది. మధ్యాహ్నమే వేసుకోండి, దీపాలు పెట్టే వేళకి పూర్తిగా ఆరి ఉండాలి. సవరాలు, నైలాను జడలు, జార్జెట్ చున్నీలు కాలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. టపాసుల దగ్గరికి వెళ్ళేటప్పుడు తీసి లోపల పెట్టండి, నూలు బట్టలు వేసుకోండి. మన పిల్లలు గోగుకాడలకి గుడ్డ చుట్టి దిబ్బూ దిబ్బూ దీపావళి అని కొడతారు, పక్కింట్లో ఒడియా వాళ్ళు జనపకాడలు వెలిగించి ఆకాశానికెత్తి పెద్దల్ని పిలుస్తారు. రెండింట్లోనూ మంట తలమీదికే వస్తుంది. ఆడపిల్లల జుట్టు వదిలేయకుండా జడో ముడో వేసి బయటికి పంపండి.

ఎక్కడైనా కాలితే వెంటనే గాజులు, ఉంగరాలు తీసేయండి, వాపు వచ్చాక రావు. కుళాయి కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు, పేస్టు, సిరా, పసుపు ఏదీ పూయొద్దు. బొబ్బ పెద్దదైనా, ముఖం మీదైనా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

టైము కావాలంటే ఈ నంబరుకే వాట్సాప్ చేయండి: పేరు, పని, రోజు, పూట రాస్తే చాలు. తెలుగైనా ఒడియా అయినా, వాయిస్ అయినా సరే. పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళకి మధ్యాహ్నం 2 లోపు టైములు విడిగా అట్టేపెట్టాం, పొద్దుండగానే ఇల్లు చేరొచ్చు. చెప్పిన టైముకి 15 నిమిషాలు చూస్తాం, ఆ తర్వాత కుర్చీ వెనకున్నవారికి ఇచ్చేస్తాం, ఏమీ అనుకోవద్దు. రాలేకపోతే ముందు రోజు రాత్రి ఒక్క ముక్క పెట్టండి. నగదు, ఫోన్ పేమెంటు రెండూ తీసుకుంటాం.

సోమవారం నుంచి శనివారం వరకూ పొద్దున్న 9 నుంచి రాత్రి 8. ఆదివారం 2 నుంచి 5.30. 9వ తేదీ సోమవారం సెలవు.

మీ పద్మ
పద్మ లేడీస్ పార్లర్, పాత బస్టాండు వెనక, మేడమీద, పర్లాకిమిడి