తెర వెనుక నుంచి పన్ను

రేపు పొద్దున మీరు హైదరాబాద్‌లో కళ్లు తెరుస్తారు. గచ్చిబౌలి ఫ్లాట్‌లోనా, తాపీ పట్టుకుని కూలి అడ్డా మీదా? తెలియదు. అది తెలియకముందే పన్ను రూలు రాయాలి. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో వివరించిన 'అజ్ఞానపు తెర' ఇదే.

అందరికీ ఒకే 15 శాతం అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ నెలకు 15 వేలు తెచ్చేవాడి దగ్గర 2,250 పోతే, ఇంట్లో బియ్యం, గ్యాస్ బండ రెండూ ఆగిపోతాయి. 3 లక్షల్లో 45 వేలు పోతే బాధే, పొయ్యి మాత్రం ఆరదు. (2025-26 ఆదాయపు పన్ను కొత్త విధానంలో 30 శాతం జీతం మొత్తానికి కాదు, 24 లక్షలు దాటిన భాగానికే. చదువుకున్నవాళ్లే ఈ ముక్క మర్చిపోతుంటారు.) తెర వెనుక నేనైతే ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబులకే ఓటేస్తాను.

అలాగని ఎంత లాగితే అంత న్యాయమని కాదు. రేటు భరించలేక సంపాదించేవాడు చేతులెత్తేస్తే, అట్టడుగువాడికి అందేదీ తగ్గుతుంది. అక్కడ ఆగాలి. తమాషా ఏమిటంటే, న్యాయంగా నడిచే సమాజంలో ఖర్చుపై ఒకే రేటు పన్ను మేలు కావచ్చని రాల్సే అన్నాడు. మనది ఇంకా అలాంటి సమాజం కాదు. అడ్డా మీద నిలబడ్డవాడి కూతురికి, ఫ్లాట్‌లో పుట్టిన పిల్లకు ఒకే బడి దొరకదు.