లింక్డ్‌ఇన్ రికమెండేషన్: కిరణ్ ఏం అడిగాడు, రమ్య ఏం రాసింది

కిరణ్ పంపిన మెసేజ్

రమ్యా, ఎలా ఉన్నావు? వైట్‌ఫీల్డ్ ఆఫీసుకి మారాక సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ బాధ తప్పిందా?

నీతో ఒక పని పడింది. వచ్చే నెల నుంచి డేటాబేస్ రిలయబిలిటీ ఉద్యోగాలకు అప్లై చేద్దామనుకుంటున్నాను. నా ప్రొఫైల్‌లో ఉన్న రికమెండేషన్లన్నీ మేనేజర్లు రాసినవే. వాళ్లు నా పని ఫలితం చూశారు, పని చేస్తుండగా చూసింది నువ్వు. అందుకే నిన్ను అడుగుతున్నాను. రిక్వెస్ట్ ఇంకా పంపలేదు, నువ్వు సరేనంటేనే పంపుతాను.

నీకు గుర్తు చేయడానికి మూడు సంగతులు చెబుతాను: దసరా సేల్ ముందు ఆర్డర్ల టేబుల్‌కి ఇండెక్స్ వేయడం, ఆన్‌కాల్ రన్‌బుక్, ఫ్రెషర్లకు చేసిన కోడ్ రివ్యూలు. వీటిలో నువ్వు కళ్లారా చూసింది ఒక్కటి రాసినా చాలు. డ్రాఫ్ట్ నేనే రాసి పంపితే నీకు శ్రమ తగ్గుతుంది కానీ, నీ పేరు మీద నా గొంతు వినిపిస్తుంది. అది నాకు ఇష్టం లేదు.

నెలాఖరులోపు ఎప్పుడైనా పర్వాలేదు. కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పెయ్.

రమ్య జవాబు

తప్పకుండా రాస్తాను కిరణ్, రిక్వెస్ట్ పంపు. ఇండెక్స్ సంగతి, రివ్యూల సంగతి రాస్తాను. రన్‌బుక్ జోలికి వెళ్లను. నేను టీమ్ మారాకే నువ్వది పూర్తి చేశావు, నేనెప్పుడూ వాడలేదు. ఇంటర్వ్యూలో ఎవరైనా నాకు ఫోన్ చేసి దాని గురించి అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

టేబుల్ సైజు, రోజుకెన్ని ఆర్డర్లు వచ్చేవి లాంటి లెక్కలు కూడా రాయను. అవి కంపెనీవి. మన సంబంధం అడిగే చోట ఒకే టీమ్‌లో పనిచేశామనే పెడతాను.

ఇంకో మాట. నువ్వు కూడా వెంటనే నాకు తిరిగి రాయకు. రికమెండేషన్ పక్కన తేదీ కనిపిస్తుంది. ఒకే రోజు ఒకరికొకరం రాసుకుంటే చదివేవాళ్లు రెండిటినీ నమ్మరు. నాకు అవసరమైనప్పుడు నేనే అడుగుతాను.

రమ్య రాసిన రికమెండేషన్

కిరణ్, నేను బెంగళూరులో మూడేళ్లు ఒకే పేమెంట్స్ టీమ్‌లో బ్యాకెండ్ ఇంజనీర్లుగా పనిచేశాం. ఒకరి కోడ్ ఒకరం రివ్యూ చేసేవాళ్లం.

దసరా సేల్‌కి వారం ముందు, ఆర్డర్ల టేబుల్‌కి ఇండెక్స్ చేర్చే మార్పు ఒకటి రివ్యూకి వచ్చింది. ఒక్క లైను, టెస్టులన్నీ పాసయ్యాయి. కిరణ్ దాన్ని ఆపాడు. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు `CREATE INDEX` నడిచినంతసేపూ ఆ టేబుల్‌లో కొత్త ఆర్డర్లు రాయడం ఆగిపోతుందనీ, టెస్ట్ డేటా చిన్నది కాబట్టి అది మన కంటపడలేదనీ కామెంట్ పెట్టాడు. అంతటితో వదల్లేదు. ప్రొడక్షన్ సైజు కాపీ మీద నడిపి, ఎంతసేపు పడుతుందో చూపించాడు. `CREATE INDEX CONCURRENTLY`కి మార్చాడు. అది ట్రాన్సాక్షన్ బ్లాక్‌లో నడవదు కాబట్టి మా మైగ్రేషన్ ఫైల్‌ని విడిగా నడిచేలా సరిచేశాడు. మధ్యలో ఫెయిలైతే చెల్లని ఇండెక్స్ మిగిలిపోతుందని, దాన్ని తీసేసే స్టెప్పులు కూడా ముందే రాసిపెట్టాడు. ఇండెక్స్ ఎక్కుతున్నంతసేపూ ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి.

ఫ్రెషర్ల కోడ్ కింద అతను "ఇది తప్పు" అని రాయగా నేను చూడలేదు. "ఇదే రిక్వెస్ట్ రెండుసార్లు వస్తే కస్టమర్ డబ్బు ఏమవుతుంది?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు ఆ ప్రశ్న వాళ్లే ఒకరినొకరు అడుగుతుంటే విన్నాను.

అతని రివ్యూకి టైమ్ పడుతుంది. రిలీజ్ తొందరలో ఉన్నప్పుడు అది మాకు ఇబ్బందిగానే ఉండేది. కానీ డబ్బు చేతులు మారే సిస్టమ్‌లో నాతో ఆన్‌కాల్ ఎవరుండాలో ఎంచుకోమంటే కిరణ్ పేరే చెబుతాను.

కిరణ్

రమ్యా, చదివాను. ఆ టైమ్ పడుతుందన్న మాట తీయకు, నిజమే. ఒక్కటి మాత్రం మార్చాలి. ఆ కాపీ నేను తయారుచేసింది కాదు, రాత్రి కూర్చుని డీబీఏలు సిద్ధం చేసి ఇచ్చారు. నేను దాని మీద నడిపానంతే. ఆ వాక్యంలో వాళ్ల మాట చేరుస్తావా? రివిజన్ రిక్వెస్ట్ పంపాను.

రమ్య

"డీబీఏ టీమ్ సిద్ధం చేసి ఇచ్చిన ప్రొడక్షన్ సైజు కాపీ మీద నడిపి" అని మార్చి పంపాను. చూసుకుని ప్రొఫైల్‌లో పెట్టుకో.