గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ తర్వాత ఇంట్లో జాగ్రత్తలు

బాబు వయసు 4 ఏళ్లు, బరువు 15 కిలోలు. ఈ ఉదయం కుడివైపు ఆపరేషన్ అయింది. ఇంట్లో బాబును చూసుకునే నానమ్మకీ తాతయ్యకీ కూడా ఇది చదివి వినిపించండి.

ఈ రోజు
మత్తు పూర్తిగా దిగడానికి ఒక రోజు పడుతుంది. నడుము దగ్గర ఇచ్చిన ఇంజెక్షన్ వల్ల సాయంత్రం దాకా కాళ్లు తడబడతాయి. మెట్ల దగ్గర, బాత్రూమ్‌లో చెయ్యి వదలకండి. ముందు నీళ్లు కొద్దికొద్దిగా పట్టండి. అరగంటలో వాంతి కాకపోతే ఇడ్లీ, పెరుగన్నం పెట్టొచ్చు. ఒకటి రెండు వాంతులైతే కంగారుపడకండి, అరగంట ఆగి మళ్లీ నీళ్లతో మొదలుపెట్టండి.

నొప్పి మందు
పారాసెటమాల్ సిరప్ 4.5 ఎం.ఎల్. చొప్పున 6 గంటలకోసారి ఇవ్వండి. ఇక్కడ మధ్యాహ్నం 1 గంటకు ఇచ్చాం, తర్వాతది రాత్రి 7 గంటలకు. మొదటి రెండు రోజులు నొప్పి అనకపోయినా వేళ తప్పించకండి. ఇంజెక్షన్ ప్రభావం పోయాక నొప్పి ఒక్కసారిగా మొదలవుతుంది, అప్పుడు మందు పట్టించడమే కష్టం. మూడో రోజు నుంచి నొప్పి ఉంటేనే. రోజుకు 4 సార్లు మించకూడదు.

సీసా మీద "5 ఎం.ఎల్.లో 250 మి.గ్రా." అని ఉందో లేదో తప్పక చూడండి. ఇదే మందు 125లోనూ, చాలా గాఢమైన చుక్కల మందుగానూ దొరుకుతుంది. ఇంట్లో ఉన్న పాత సీసా వాడితే మోతాదు తప్పుతుంది. స్పూనుతో కాదు, మేమిచ్చిన సిరంజితో కొలవండి. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, మమ్మల్ని అడగకుండా వెయ్యకండి.

గాయం
కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. రెండు రోజులు తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. మూడో రోజు నుంచి మగ్గుతో స్నానం చేయించి, పట్టీని రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. పసుపు, కొబ్బరినూనె, పౌడర్ ఏవీ రాయొద్దు. పట్టీ మీద రూపాయి బిళ్లంత మరక, వృషణాల సంచి కొద్దిగా ఉబ్బడం, కమలడం మామూలే.

పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు అంటారు. అలా జరగదు, గాయం మానడానికి అవే కావాలి. పథ్యం పెట్టి పిల్లాడిని నీరసపరచకండి. నీళ్లు, పళ్లు బాగా ఇవ్వండి, విరేచనానికి ముక్కితే గజ్జల్లో నొప్పి వస్తుంది.

వారం తర్వాత బడికి పంపొచ్చు. సైకిల్, గెంతులు నెల దాకా వద్దు. 7వ రోజున ఓపీకి తీసుకురండి.

వెంటనే తీసుకురావలసినవి
- పట్టీ రక్తంతో తడిసిపోవడం: శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుని బయల్దేరండి
- 101 డిగ్రీలు దాటిన జ్వరం
- గాయం చుట్టూ ఎరుపు పాకడం, చీము, దుర్వాసన
- 8 గంటలైనా మూత్రం రాకపోవడం
- ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం
- గజ్జల్లో గట్టి ఉబ్బు, వృషణం ఎర్రబడి ముట్టుకోనివ్వకపోవడం
- మందు వేసినా ఏడుపు ఆగకపోవడం

లేపినా లేవకపోయినా, ఊపిరి కష్టమైనా, పెదాలు నీలమైనా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. పైవాటిలో దేనికి తీసుకొస్తున్నా దారిలో ఏమీ తినిపించకండి. మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు.